48 ఏళ్ల అకౌంటెంట్‌కి ఫోన్లు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నా వయసు 48. బీకాం చదివాను. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల హోల్‌సేల్ షాపులో 22 ఏళ్లుగా అకౌంటెంట్‌ని. మా ఓనరు గారి పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు, వచ్చే మార్చికి వ్యాపారం మూసేస్తామంటున్నారు. మూడు నెలలుగా రెజ్యూమె పంపుతున్నా ఒక్క ఫోనూ రాలేదు. నేరుగా వెళ్లి అడిగితే 'మాకు పాతికేళ్ల కుర్రాడు చాలండీ' అంటున్నారు. టాలీ వచ్చు గానీ ఎక్సెల్ రాదు. అమీర్‌పేటలో శాప్ కోర్సుకి 60 వేలు కట్టి చేరమంటారా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది సర్.

జవాబు: ఆ 60 వేలు కట్టొద్దు. శాప్ వాడే కంపెనీలు అకౌంటెంట్‌ని తీసుకునేటప్పుడు దాని మీద ఎన్నాళ్లు పనిచేశారని అడుగుతాయి. మూడు నెలల కోర్సు సర్టిఫికెట్ ఆ ప్రశ్నకి జవాబు కాదు. పైగా మీరు బాగా ఎరిగిన హోల్‌సేల్ షాపుల్లో, చిన్న ఫ్యాక్టరీల్లో నడిచేది ఎక్కువగా టాలీనే.

మీరు పంపిన రెజ్యూమె చూశాను. మూడు పేజీల్లో మొదటి పేజీ సగం పుట్టిన తేదీ, తండ్రి పేరు, చిరునామాలకే పోయింది. ఆ తర్వాత 'డే బుక్, లెడ్జర్ పోస్టింగ్, బ్యాంక్ పనులు, టాలీ' అని ఉంది. చదివినవాళ్లకి అర్థమయ్యేది ఒక్కటే: ఈయన బిల్లులు ఎక్కిస్తారు, దానికి 22 ఏళ్ల సర్వీసు జీతం అడుగుతారు. బిల్లులు ఎక్కించడానికి కుర్రాడు చాలన్న మాట నిజమే. వాళ్లని తప్పుపట్టలేం.

మరి కుర్రాడు సరిపోని పని ఏది? నెలనెలా 14వ తేదీన మొదలయ్యేది. సప్లయర్లు తమ అమ్మకాల రిటర్ను, అంటే జీఎస్‌టీఆర్-1, 11వ తేదీలోగా వేస్తారు. దాని ఆధారంగా 14న మీ షాపు పేరు మీద 2బి, అంటే మీ కొనుగోలు బిల్లుల జాబితా, పోర్టల్‌లో తయారవుతుంది. 20వ తేదీలోగా 3బి రిటర్ను వేసి పన్ను కట్టాలి. 2022 జనవరి నుంచి నిబంధన గట్టిపడింది. బిల్లు మీ చేతిలో ఉన్నా, సరుకు గోడౌన్‌లో ఉన్నా, 2బిలో కనపడకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేరు. ఒక సప్లయర్ దగ్గర 2 లక్షల సరుకు కొంటే 18 శాతం చొప్పున పన్ను 36,000. ఆయన ఆ బిల్లు ఎక్కించలేదనుకోండి, మీ ఓనరు ఆ 36,000 ఈ నెల జేబులోంచి కట్టాలి.

తేడా పట్టుకోవడం ఎక్సెల్ పని. ఇది మీకు రాదని రాశారు. మీరు నేర్చుకోవలసింది ఇదే, పది రోజులు రోజుకో గంట కూర్చుంటే వస్తుంది. పోర్టల్ నుంచి 2బిని ఎక్సెల్‌లో దించుకోండి. టాలీ నుంచి కొనుగోళ్ల రిజిస్టర్ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒకే ఫైల్లో రెండు షీట్లు పెట్టి, రెండింట్లోనూ A వరుసలో జీఎస్‌టీ నంబరు, B వరుసలో బిల్లు నంబరు, C వరుసలో పైసలు తీసేసి రూపాయలకి సర్దిన పన్ను మొత్తం ఉంచండి. పోర్టల్ షీటుకి 2B అని పేరు పెట్టి, మీ రిజిస్టర్ షీటులో ఇది రాసి కిందికి లాగండి:

```
=COUNTIFS('2B'!A:A,A2,'2B'!C:C,C2)
```

0 వస్తే ఆ బిల్లు 2బిలో లేదు, లేదా పన్ను మొత్తంలో తేడా ఉంది. 1 వస్తే ఉంది. 2 వస్తే అదే సప్లయర్‌వి అంతే పన్నున్న బిల్లులు రెండున్నాయి, కంటితో చూసుకోవాలి. బిల్లు నంబరుతో ఎందుకు పోల్చలేదంటే, సప్లయర్ 'వీజే/045' అని ఎక్కించినదాన్ని మన షాపులో '45' అని కొడతాం. నంబరుతో పోల్చితే సగం బిల్లులు ఉత్తినే తప్పు చూపిస్తాయి. ఆ తర్వాత ఇదే పని అటునుంచి ఇటు కూడా చేయండి. 2బిలో ఉండి మీ పుస్తకాల్లో లేని బిల్లులు బయటపడతాయి. అవి ఎక్కువగా స్టోర్స్ కుర్రాడి సొరుగులోనే ఉంటాయి. టాలీ ప్రైమ్‌లో ఇది సాఫ్ట్‌వేరే చేసి పెడుతుంది, కానీ ఒక్కసారి చేత్తో చేస్తే అది ఏం చూపిస్తోందో తెలుస్తుంది.

ఇంతవరకూ కుర్రాడూ చేస్తాడు. 0 వచ్చిన బిల్లులతో ఏం చేయాలన్నదే ఆ కుర్రాడికి తెలియదు. మీకు తెలుసు. ఆ సప్లయర్ మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న డీలరా? అయితే 13వ తేదీలోగా మధ్యలో బిల్లులు ఎక్కించే వీలుంది, కానీ తప్పనిసరి కాదు కాబట్టి వదిలేస్తాడు, క్రెడిట్ త్రైమాసికం తర్వాత వస్తుంది. ఆయనకి 10వ తేదీన ఫోన్ చేసి గుర్తు చేస్తే చాలు. అలా కాక ప్రతి నెలా ఎగ్గొట్టేవాడైతే, చెల్లింపులో పన్ను వరకూ ఆపి, 2బిలో కనపడ్డాకే ఇస్తామని ముందే చెప్పాలి. సంబంధం చెడకుండా ఈ మాట ఎవరితో ఎలా అనాలో 22 ఏళ్లు ఆటోనగర్‌లో కూర్చున్నవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల క్రెడిట్‌కి ఆ సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 గడువు. అది దాటితే పోయినట్టే.

ఇప్పుడు రెజ్యూమె ఒక్క పేజీ చేయండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ తీసేయండి. 'లెడ్జర్ పోస్టింగ్' బదులు నెలకి ఎన్ని కొనుగోలు బిల్లులు, ఎంతమంది సప్లయర్లు, 2బి సరిపోల్చి ఎన్నాళ్లుగా గడువు తప్పకుండా రిటర్నులు వేస్తున్నారో రాయండి. అంకెలు మీ పుస్తకాల్లోవే కావాలి, ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకూడదు. ఇంకొకటి మీరు రాయనే లేదు. 2017 జులై 1న వ్యాట్ పోయి జీఎస్‌టీ వచ్చినప్పుడు, జూన్ 30 నాటి స్టాకు లెక్కగట్టి పాత క్రెడిట్‌ని ట్రాన్-1 ఫారంలో ముందుకు తెచ్చింది మీరేనని ఫోన్‌లో మాటల మధ్య చెప్పారు. అది పై నుంచి రెండో లైన్లో ఉండాలి. 'ఈ వయసులో కొత్తవి నేర్చుకోగలరా' అని అడిగేవాళ్లకి, నలభైకి దగ్గరపడ్డాక పాత చట్టం మరిచి కొత్తది ఒంటిచేత్తో ఎక్కించారన్నదే జవాబు. అలాంటి మలుపు మళ్లీ వచ్చింది కూడా. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. టీడీఎస్‌కి 194సీ, 194జె అని కంఠతా పట్టిన పాతికేళ్లవాడూ మళ్లీ మొదటి నుంచి చదవాలి. మీరు ముందు చదివితే మీరే ముందుంటారు.

పెద్ద కంపెనీల ఆన్‌లైన్ దరఖాస్తులు ఇక మానేయండి. చిన్న వ్యాపారాల లెక్కలు చూసే సీఏ ఆఫీసులకి వెళ్లండి. వాళ్లకి 14 నుంచి 20 దాకా ఊపిరాడదు, కాబట్టి 21 తర్వాత వెళ్లాలి. పేర్లు, జీఎస్‌టీ నంబర్లు మార్చిన ఒక 2బి షీటు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని చూపించండి. ఓనరు గారి అసలు లెక్కలు బయట చూపించొద్దు, చూసినవాళ్లకి 'రేపు మా లెక్కలూ ఇలాగే చూపిస్తాడు' అనిపిస్తుంది. జీతం మాటొస్తే సర్వీసు ఏళ్లు లెక్క చెప్పకండి, ఎంతమంది క్లయింట్ల 2బి మీరొక్కరే చూడగలరో చెప్పి దాని మీద అడగండి. మొదట్లో ఇప్పటి జీతం కంటే కొంచెం తక్కువే రావచ్చు. మీ పైన ఉండే సీఏకి ముప్ఫై ఏళ్లుంటాయేమో. 'మా రోజుల్లో' అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒకాయన ఆ ఒక్క మాటతోనే కుదిరిన ఉద్యోగం పోగొట్టుకున్నారు.

మార్చి రాకముందే ఓనరు గారి దగ్గర లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం తీసుకోండి. 'మంచివాడు, నమ్మకస్తుడు' అని కాకుండా, పైన చెప్పిన పనులన్నీ పేరుపేరునా ఉండాలి, ఆయన సొంత ఫోన్ నంబరు కూడా. పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ ఆయన చేతే నమోదు చేయించండి. షట్టర్ దించేశాక ఆ ల్యాండ్‌లైన్ ఎత్తేవాళ్లు ఉండరు.