డబ్బు వెనక్కి వచ్చింది, అకౌంటు లాకైంది, కోత మాత్రం ఆగలేదు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. వాడి గేమింగ్ సబ్‌స్క్రిప్షన్‌కి నా క్రెడిట్ కార్డు నుంచి నెలకు 749 రూపాయలు పోతున్నాయి. పరీక్షల ఏడాది కదా, మానిపిద్దామంటే క్యాన్సిల్ బటన్ ఎక్కడుందో దొరకలేదు. ఆఫీసులో ఒకాయన ‘బ్యాంకు యాప్‌లో డిస్‌ప్యూట్ పెట్టేయండి, దాంతో ఆగిపోతుంది’ అన్నారు. ‘సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశాను, అయినా డబ్బు కట్ అయింది’ అనే ఆప్షన్ ఎంచుకుని గత మూడు నెలల మీద పెట్టాను. 2,247 రూపాయలు కార్డులోకి వచ్చాయి కూడా. వారం తిరక్కుండా అబ్బాయి అకౌంటు లాక్ చేశారు. డబ్బు పెట్టి కొన్న గేములే అందులో 28,000 దాకా ఉంటాయి. పైగా ఈ నెల మళ్లీ 749 కట్ అయింది. ఈసారి ‘ఫ్రాడ్’ అని పెట్టమంటున్నారాయన. పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దండి. ఆ ‘ఫ్రాడ్’ బటన్ జోలికి అసలు వెళ్లకండి. ఇప్పటిదాకా జరిగింది సర్దుకునే వ్యవహారమే. అది నొక్కితే మాత్రం ముడి ఇంకా బిగుస్తుంది.

మీరు డిస్‌ప్యూట్ పెట్టినప్పుడు తెరవెనక ఏం జరిగిందో ముందు చెబుతాను. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. మీ బ్యాంకు ఆ మూడు కోతల గురించి మాత్రమే గేమింగ్ కంపెనీ బ్యాంకును అడిగింది, ‘మా కస్టమర్ ఇవి చెల్లవంటున్నారు, మీ దగ్గర ఏం రుజువుంది?’ అని. ‘ఇకమీదట ఈయనకు సబ్‌స్క్రిప్షన్ ఆపేయండి’ అన్న మాట అందులో ఎక్కడా ఉండదు. ఏ కోత మీద ఫిర్యాదు పెడితే దాని మీదే విచారణ. సబ్‌స్క్రిప్షన్ ఉండేది కంపెనీ పుస్తకాల్లో. నెల నెలా డబ్బు లాగే అనుమతి, అంటే ఈ-మాండేట్, ఉండేది మీ కార్డు మీద. ఆ రెండింటినీ మీరు ముట్టుకోలేదు కాబట్టి తారీఖు రాగానే 749 మామూలుగానే కట్ అయింది.

మరి అకౌంటు ఎందుకు లాక్ చేశారు? వ్యాపారికి చార్జ్‌బ్యాక్ అంటే పోయిన 749 ఒక్కటే కాదు. గెలిచినా ఓడినా ఒక్కో ఫిర్యాదుకు వాళ్ల బ్యాంకు విడిగా ఫీజు వేస్తుంది. వందల్లో ఎన్ని అమ్మకాల మీద ఫిర్యాదులు వస్తున్నాయో వీసా, మాస్టర్‌కార్డ్ లెక్కేస్తుంటాయి. అది హద్దు దాటితే జరిమానాలు పడతాయి. అందుకని చార్జ్‌బ్యాక్ వచ్చిన అకౌంటును లాక్ చేసే ఏర్పాటు చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. అక్కడ మనిషి కూర్చుని మీ కథ చదవడు. స్టీమ్‌లో డిస్‌ప్యూట్ తేలేదాకా అకౌంటు మీద ఆంక్షలు పెడతారు. ప్లేస్టేషన్‌లో వెనక్కి పోయిన డబ్బును బాకీగా రాసుకుని, అది తీరేదాకా అకౌంటు నిలిపేస్తారు. డిజిటల్ గేములు ‘కొన్నాం’ అని మనం అనుకుంటాంగానీ, నిబంధనల ప్రకారం మనకున్నది ఆ అకౌంటు ద్వారా ఆడుకునే లైసెన్సే. అకౌంటు తలుపు మూస్తే 28,000 రూపాయల గేములూ లోపలే ఉండిపోతాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేయాలంటే ఆ అకౌంటులోకి లాగిన్ అవ్వాలి. అకౌంటేమో లాక్ అయింది. లాక్ వేసే విభాగం వేరు, బిల్లింగ్ వేరు కాబట్టి లోపలికి వెళ్లలేని సర్వీసుకు మీరు డబ్బు కడుతున్నారు. షార్ట్‌కట్ అనుకున్నది ఉన్న ఒక్క దారినీ మూసేసింది.

వచ్చిన 2,247 కూడా ఇంకా మీది కాదు. అది తాత్కాలిక జమ. కంపెనీ ఇప్పుడు తన రుజువులు పంపుతుంది. మీరు ‘రద్దు చేశాను’ అని రాశారు కదా, ఆ కారణం కింద పెట్టిన ఫిర్యాదులో మొదట చూసేది రద్దు చేసిన తేదీ, దాని రుజువు. వాళ్ల రికార్డులో రద్దు కోరినట్టు ఏమీ ఉండదు. అబ్బాయి ఏ రోజు ఎంతసేపు ఆడాడో మాత్రం నిమిషాలతో సహా ఉంటుంది. రద్దు చేశానన్న మనిషి అకౌంటులో ఫలానా ఆదివారం మూడు గంటలు ఆట నడిచిందని కాగితం వస్తే మీ బ్యాంకు వాదించడానికి ఏమీ మిగలదు. జమ చేసిన డబ్బు మళ్లీ మీ బిల్లులో కలుస్తుంది. కాబట్టి ఆ మొత్తాన్ని ఖర్చు పెట్టకుండా పక్కన ఉంచండి. అది తగ్గించుకుని బిల్లు కట్టారనుకోండి, తర్వాత తేడాకు వడ్డీ పడే ప్రమాదం ఉంది.

ఇక మీ ఆఫీసాయన చెప్పిన ‘ఫ్రాడ్’ సంగతి. ఈ లావాదేవీ నేను చేయలేదు అని బ్యాంకుకు రాసివ్వడం అది. మాండేట్ పెట్టిన రోజు ఓటీపీ కొట్టింది మీరే, ఆ రికార్డు బ్యాంకు దగ్గరే ఉంటుంది. దానికి తోడు వీసా 2023 ఏప్రిల్ నుంచి ఒక నిబంధన తెచ్చింది. అదే కార్డుతో అదే వ్యాపారి దగ్గర 120 రోజులకన్నా పాతవి, మీరు ఏ అభ్యంతరమూ చెప్పనివి రెండు లావాదేవీలు ఉండి, ఇంటర్నెట్ అడ్రసు, డివైస్, లాగిన్ లాంటి వివరాలు ఇప్పటి దానితో కలిస్తే, ‘మోసం’ అన్న వాదన నిలబడదు. మీ ఇంటి వైఫై, మీ ఇంట్లోని ప్లేస్టేషనో కంప్యూటరో కలవకుండా పోవు. పైగా ఫ్రాడ్ అనగానే బ్యాంకు కార్డు బ్లాక్ చేసి కొత్తది పంపుతుంది, దాని మీద ఉన్న కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ మాండేట్లన్నీ మళ్లీ చూసుకోవాలి. అన్నిటికీ మించి, అది అబద్ధం. రేపు నిజంగా కార్డు దొంగల పాలైతే బ్యాంకు మీ మాట నమ్మాలి కదా.

ఇప్పుడు చేయాల్సింది వరుస తప్పకుండా చేయండి. మొదట డబ్బు కారడం ఆపాలి. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు మాండేట్‌లో ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు మెసేజో మెయిలో రావాలి. ఆ ఒక్క కోతనైనా, మొత్తం మాండేట్‌నైనా వద్దనే అవకాశం అందులో ఉండాలి. ఫోనులో వెతకండి, ఆఫర్ల మెసేజ్‌ల మధ్య ఎక్కడో ఉంటుంది, మనం ఎవరమూ చదవం. అది దొరక్కపోతే బ్యాంకు యాప్‌లోగానీ నెట్‌బ్యాంకింగ్‌లోగానీ కార్డుల విభాగంలో ‘ఈ-మాండేట్’ లేదా ‘స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్’ అని ఉంటుంది. ఓటీపీతో అక్కడే రద్దు చేయొచ్చు. దానికి కంపెనీ ఒప్పుకోలు అక్కర్లేదు. యూపీఐ ఆటోపే పెట్టుకున్నవాళ్లకైతే అదే పని యూపీఐ యాప్‌లో అవుతుంది.

మాండేట్ తీసేస్తే డబ్బు ఆగుతుంది, ఒప్పందం ఆగదు. మీది నెలవారీ ప్లాన్ కాబట్టి పెద్ద గొడవ లేదు, డబ్బు అందకపోతే అదే ముగిసిపోవచ్చు. ఏడాది ఒప్పందం చేసుకుని నెల నెలా కట్టే ప్లాన్లలో మాత్రం మిగిలిన నెలల్లో కొంత భాగాన్ని ముందే మానేసినందుకు రుసుముగా అడుగుతారు. మీ ప్లాన్ ఏదో మొదట్లో వచ్చిన మెయిల్‌లో ఒకసారి చూసుకోండి.

రెండోది, అకౌంటుకు రిజిస్టరైన మెయిల్ నుంచే కంపెనీ సపోర్టుకు రాయండి. లాగిన్ లేకుండా పంపగలిగే ఫారం వాళ్ల హెల్ప్ పేజీలో ఉందేమో చూడండి. లాక్ అయిన అకౌంట్ల కోసమే చాలా కంపెనీలు దాన్ని పెడతాయి. ‘ఫలానా ఐడీ సబ్‌స్క్రిప్షన్ ఈ రోజు నుంచి రద్దు చేయండి. రద్దు ఎలాగో తెలియక మూడు చెల్లింపుల మీద బ్యాంకులో డిస్‌ప్యూట్ పెట్టాను, వెనక్కి తీసుకుంటున్నాను. లాక్ తీయడానికి ఇంకేం కావాలో చెప్పండి’ అంటే చాలు. కోపం, కథ వద్దు. ఈ మెయిలే మీ రద్దు తేదీకి రుజువు, దాచుకోండి.

మూడోది, డిస్‌ప్యూట్ నంబరు వేసి, ఉపసంహరించుకుంటున్నానని బ్యాంకుకు రాయండి. తాత్కాలిక జమ వెనక్కి పోతుంది. ఉపసంహరణ పూర్తయిందని బ్యాంకు ఇచ్చే మెయిల్‌ను కంపెనీకి పంపండి. ఇక్కడ ఒక జాగ్రత్త. డిస్‌ప్యూట్ నడుస్తుండగా ‘బాకీ 2,247 కట్టండి, లాక్ తీస్తాం’ అని కంపెనీ అంటే తొందరపడి కట్టకండి. మీరు అక్కడా కట్టి, బ్యాంకు ఇక్కడా వెనక్కి తీసుకుంటే రెండుసార్లు పోతుంది. ఆ రెండోసారి పోయింది రాబట్టుకోవడం మొదటి గొడవకన్నా పెద్ద పని. ఉపసంహరణో, బాకీ కట్టడమో, ఏదో ఒకటే చేయండి. నేనైతే ఉపసంహరణే చేస్తాను, దానికి బ్యాంకు కాగితం ఉంటుంది కాబట్టి.

లాక్ తీశాక అబ్బాయి చేత లాగిన్ చేయించి, సబ్‌స్క్రిప్షన్ పేజీలో ఆటో రెన్యువల్ ఆగిందని కనిపించే తెరను ఫోటో తీసి పెట్టుకోండి. కన్సోల్‌లోంచి గేమ్ తీసేసినంత మాత్రాన, ఫోనులో యాప్ డిలీట్ చేసినంత మాత్రాన రద్దు కాదు. గూగుల్ ప్లే ద్వారానో, ఆపిల్ ద్వారానో చేరి ఉంటే గేమ్ కంపెనీలో ఎంత వెతికినా బటన్ దొరకదు. ఆ స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల జాబితాలో ఉంటుంది. మీకు దొరకకపోవడానికి కారణం ఇదే కావచ్చు. అలా కాకుండా కంపెనీయే కావాలని దాచి ఉంటే మీ కోపంలో న్యాయముంది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, కొనేవాళ్లను బోల్తా కొట్టించే యాప్, వెబ్‌సైట్ ఎత్తుగడల మీద తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కూడా ఉంది. చేరడం తేలికగా, బయటపడడం కష్టంగా పెట్టడమే దానర్థం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు, దానికి ఎవరి అకౌంటూ లాక్ అవ్వదు.

చార్జ్‌బ్యాక్ ఎప్పుడూ వాడకూడదని కాదు. రద్దు చేసిన రుజువు చేతిలో ఉండి, కంపెనీకి రాసి, ఆ తర్వాతా డబ్బు కట్ అయితే అది వాడాల్సిన చోటే. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో ఇలాంటి ఫిర్యాదులకు సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది, కాబట్టి బిల్లు ప్రతినెలా చూడాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

చివరగా, ఈ నెల పోయిన 749. లాక్ చేసిన అకౌంటుకు తీసుకున్న డబ్బు అది, న్యాయంగా వెనక్కి ఇవ్వాలి. పైన చెప్పిన మెయిల్‌లోనే విడిగా ఒక లైను రాసి అడగండి. ఇస్తే సరే. ఇవ్వకపోతే బ్యాంకులో సర్వీసు అందలేదని డిస్‌ప్యూట్ పెడితే మీరు గెలవచ్చు కూడా. కానీ అప్పుడే తెరుచుకున్న అకౌంటు మళ్లీ మూసుకోవచ్చు. 28,000 రూపాయల గేములు అబ్బాయికి పరీక్షల తర్వాతైనా కావాలనుకుంటే ఆ 749ని వదిలేసి 1915కు చెప్పుకోమంటాను. వాడు ఇక ఆడనే ఆడడు, ఆ అకౌంటుతో పనే లేదు అంటే మాత్రం నిక్షేపంగా పెట్టండి.