అమ్మాయి పరీక్షలు, అమ్మకు దొరకని సెలవు

కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు మార్చి 16 నుంచి ఏప్రిల్ 1 వరకు. 24లోపు నాలుగు పేపర్లు, ఆ తర్వాత 28న ఒకటి, 1న ఒకటి. పరీక్షా కేంద్రం ఇంటికి 14 కిలోమీటర్లు. మా వారి ఉద్యోగం వేరే ఊళ్లో. నెల రోజుల శిశు సంరక్షణ సెలవు అడిగితే మార్చిలో కుదరదన్నారు. అది నా హక్కు కాదా? అమ్మాయేమో ‘నువ్వు రోజంతా ఇంట్లో ఉంటే నాకు భయం’ అంటోంది.

హక్కు కాదండీ. 1972 సెలవు నిబంధనల్లోని 43-సి ప్రకారం పిల్లల చదువు అవసరాలకు ఈ సెలవు తీసుకోవచ్చు. కానీ పై అధికారి ముందుగా మంజూరు చేయాలి. పద్దులు ముగించే నెలలో అకౌంట్స్ విభాగం నుంచి నెల రోజులు అడిగితే ఏ అధికారైనా తటపటాయిస్తారు. ఆయన కాదన్నది నెల రోజులను. తొమ్మిది రోజులు అడిగి చూడండి.

16 నుంచి 24 వరకు శిశు సంరక్షణ సెలవు పెట్టండి. ఒక్క విడతలో కనీసం ఐదు రోజులుండాలన్న నియమం కూడా అడ్డురాదు. మధ్యలో వచ్చే ఆదివారం సెలవులోనే కలిసిపోతుంది. 25న ఉద్యోగంలో చేరండి. 28న, 1న మాత్రం ఉదయం సగం రోజు క్యాజువల్ సెలవు చాలు. ఆ రెండు పేపర్ల కోసం ఇంకో విడత అడగవద్దు. ఏడాదికి మూడు విడతలే ఇస్తారు, జ్వరమో మరొకటో వచ్చినప్పుడు అవసరపడతాయి. ఆ రెండు రోజులూ అమ్మాయిని తిరిగి తీసుకురావడానికి తోటి విద్యార్థిని తల్లిదండ్రులను ఇప్పుడే అడిగి ఉంచండి.

దరఖాస్తులో ‘పిల్ల పరీక్షలు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టవద్దు. టైమ్‌టేబుల్, హాల్ టికెట్ ప్రతులు జతచేసి, దూరం, మీ వారు ఊళ్లో లేని సంగతి రాయండి. మీ పనిలో ఏది 15లోపు పూర్తిచేస్తారో, మిగిలినది ఎవరు చూస్తారో రెండు వాక్యాల్లో చెప్పండి. అధికారి మొదట చదివేది ఆ రెండు వాక్యాలే. అయినా కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, గొంతు పెంచకుండా.

ఇక అమ్మాయి మాట. మీరు రాసిన ఉత్తరంలో నన్ను ఆపింది అదే. సెలవు తనకోసమే అయినప్పుడు, ఎలా వాడాలో తనను అడిగారా? కొందరు పిల్లలకు పాఠం అప్పజెప్పించుకునే మనిషి కావాలి. కొందరికి పక్క గదిలో అలికిడి చాలు. ఆమెకు కావలసింది మీరు గడియారం పట్టుకుని పాత ప్రశ్నపత్రం రాయించడమా, లేక వేళకు అన్నం పెట్టి కేంద్రం దగ్గర దింపడమా, ఆమెనే చెప్పమనండి. పరీక్ష రాసి బయటికి రాగానే ‘ఎన్ని వదిలేశావు?’ అని మాత్రం అడగవద్దు. రాసిన పేపరు గురించి తనే ఎత్తితే వినండి, లేకపోతే తర్వాతి పుస్తకం తీయనివ్వండి.

16కు ముందు ఒక పనిదినాన, పరీక్షకు బయలుదేరే వేళకే ఇద్దరూ ఆ 14 కిలోమీటర్లు వెళ్లి రండి. ఎంతసేపు పట్టిందో అమ్మాయినే రాసుకోమనండి.