గందరగోళం ఏ లైనులో మొదలైందో వెతుకు

*నేను బీటెక్ సెకండియర్. క్లాసులో అందరికీ పైథాన్ వచ్చేస్తోంది, నాకు మాత్రం చదివేకొద్దీ గందరగోళం పెరుగుతోంది. ఒక్క ప్రోగ్రాం దగ్గరే గంటలు పోతున్నాయి. నేను స్లోనా? దీనికి పనికిరానా?*

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పైథాన్ ల్యాబ్ చూస్తాను. నా స్టూడెంట్‌కి ఉత్తరం రాసినట్టే రాస్తున్నాను, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

చదివేకొద్దీ పెరుగుతోందన్నావు చూడు, నాకు అదే ముఖ్యంగా కనిపించింది. ఏమీ ఎక్కని వాళ్లకి గందరగోళం పెరగదు, మొదటి రోజు ఎంతుందో అంతే ఉంటుంది. పెరుగుతోందంటే, లోపల ఏం జరుగుతుందో నీ బుర్రలో ఒక బొమ్మ తయారైంది, కొత్త పాఠం దానికి అడ్డుపడుతోంది. ఇది గాలిమాట కాదని చెప్పడానికి మా ల్యాబ్‌లో జరిగినది చెప్తాను.

ఒకమ్మాయి ముగ్గురు విద్యార్థులకి మూడు సబ్జెక్టుల మార్కుల పట్టిక చేస్తోంది. ముందు అన్నీ సున్నాలు పెట్టి, మొదటి విద్యార్థికి రెండో సబ్జెక్టులో 75 వేసింది.

```python
marks = [[0] * 3] * 3
marks[0][1] = 75
print(marks)
```

వచ్చింది ఇది:

```
[[0, 75, 0], [0, 75, 0], [0, 75, 0]]
```

ఒకరికి వేస్తే ముగ్గురికీ పడ్డాయి. ఎర్రర్ లేదు. ఎర్రర్ వస్తే కనీసం లైన్ నంబరు చూపిస్తుంది, ఇలాంటివి అదీ చూపించవు. చెరిపి మళ్లీ టైప్ చేసింది, అదే వచ్చింది. పక్క సిస్టమ్ కుర్రాడు `[[0] * 3 for _ in range(3)]` అని రాయమన్నాడు. పనిచేసింది. అతను తర్వాతి ప్రోగ్రాంకి వెళ్లిపోయాడు. ఈ అమ్మాయి మాత్రం అక్కడే కూర్చుని, "సార్, ఇది ఎందుకు పనిచేసిందో తెలీట్లేదు, నేనే స్లో అనుకుంటా" అంది.

ఆ రోజు ఆ ల్యాబ్‌లో నిజంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నది తనే. పట్టిక పక్కన పెట్టించి, చిన్నది ఇచ్చాను. రన్ చేసే ముందు ఏం వస్తుందో కాగితం మీద రాయమన్నాను.

```python
a = [5]
b = a
b[0] = 6
print(a)
```

తను `[5]` అని రాసింది. వచ్చింది `[6]`. ఎందుకలా రాశావంటే, "a ఒక డబ్బా, b ఇంకో డబ్బా. దీంట్లోది దాంట్లోకి కాపీ అవుతుంది కదా సార్" అంది. ఫస్టియర్‌లో సీ చదివింది కదా, అక్కడ `int b = a;` అంటే జరిగేది సరిగ్గా అదే. తన తప్పేమీ లేదు. అక్కడ కరెక్టుగా నేర్చుకున్నదే ఇక్కడ అడ్డొచ్చింది.

ఇప్పుడు తనే ఒక కొత్త సిద్ధాంతం చెప్పింది: నంబర్లయితే కాపీ అవుతాయి, లిస్టులయితే కావు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కొందరు ఇదే ఇంటర్వ్యూల్లో కూడా చెప్పేస్తారు. నేను ఒక్క లైను మార్చి ఇచ్చాను.

```python
a = [5]
b = a
b = [6]
print(a)
```

తన లెక్క ప్రకారం `[6]` రావాలి. వచ్చింది `[5]`. అప్పుడు తన మొహంలో కనిపించిన గందరగోళం మొదటిదాని కంటే పెద్దది. అయితే మొదటిసారి "ఏదో తేడాగా ఉంది" అన్న మనిషి, ఇప్పుడు "మూడో లైన్‌లోనే తేడా ఉంది" అంటోంది. బయటికి చూస్తే ఇంకా స్లో అయినట్టే ఉంటుంది, సమస్య మాత్రం ఒక్క లైనుకి వచ్చేసింది.

తేడా నంబరుకీ లిస్టుకీ మధ్య లేదు. పైథాన్‌లో `b = a` దేన్నీ కాపీ చేయదు. a చూపిస్తున్న వస్తువునే b కూడా చూపించడం మొదలుపెడుతుంది. `b = [6]` అంటే b ఆ పాత లిస్టుని వదిలేసి కొత్తదాన్ని చూపిస్తుంది, a పాతదాని దగ్గరే ఉంటుంది. `b[0] = 6` అంటే మాత్రం ఇద్దరూ చూపిస్తున్న లిస్టు లోపలే మార్పు. ఏ పేరు ఏ లిస్టుని చూపిస్తోందో బాణాలు గీయించాక తనే మార్కుల పట్టికకి తిరిగి వెళ్లి చెప్పింది: లోపలి లిస్టు ఒక్కసారే తయారైంది, బయటి లిస్టులో మూడు స్థానాలూ దాన్నే చూపిస్తున్నాయి. `for` పెడితే ప్రతిసారీ లోపలి `[0] * 3` కొత్తగా తయారవుతుంది. `marks[0] is marks[1]`, అంటే రెండూ ఒకే లిస్టా అని అడిగితే, పాత పట్టికకి `True`, `for` పెట్టినదానికి `False` వచ్చింది.

ఆ పైన తనే ఇంకో ప్రశ్న వేసింది: "మరి లోపలి `[0] * 3`లో మూడు సున్నాలూ ఒకటే కదా, అవెందుకు కలిసి మారలేదు?" సున్నా లోపల మార్చడానికి ఏమీ ఉండదు. 75 వేసినప్పుడు ఆ ఒక్క స్థానం సున్నాని వదిలి 75ని చూపిస్తుంది, అంతే. నేను అడగని ప్రశ్న తను అడిగిందంటే బొమ్మ మారినట్టే.

ఆ భాషలో ప్రోగ్రాం నడిచేటప్పుడు మెషీన్ లోపల ఏం జరుగుతుందో అర్థం చేసుకోవడానికి పెట్టుకునే ఇలాంటి సరళమైన నమూనాకి నోషనల్ మెషీన్ అని పేరుంది. బెనెడిక్ట్ డు బులే అనే పరిశోధకుడు 1980ల్లోనే దీని గురించి రాశారు. ఆ బాణాలు చేత్తో గీయడం కష్టమైతే pythontutor.com ఉంది. ఫిలిప్ గువో 2010లో మొదలుపెట్టారు. కోడ్ పెడితే ఒక్కో అడుగుకీ బాణాలు గీసి చూపిస్తుంది. అయితే ముందు నీ ఊహ కాగితం మీద రాశాకే తెరువు. ముందే చూస్తే అన్నీ తెలిసినట్టే అనిపిస్తాయి.

నీ క్లాసులో "అందరికీ వచ్చేస్తోంది" అన్నావు. వాళ్లకి వచ్చింది ఔట్‌పుట్. మన కాలేజీల్లో ల్యాబ్ అంటే రికార్డు నింపడం అయిపోయింది. కంప్యూటర్ ప్రోగ్రాంని తెల్ల కాగితం మీద పెన్నుతో కాపీ చేయించి, సంతకం పెట్టి, ఎక్స్‌టర్నల్‌కి బట్టీ పట్టించడం ఎంత అన్యాయమో చెప్పలేను. ఔట్‌పుట్ వస్తే మార్కులు, ఎందుకొచ్చిందని అడిగేవాళ్లు లేరు. అలాంటి చోట అర్థం కాలేదని గుర్తుపట్టేవాడే వెనకబడ్డట్టు కనిపిస్తాడు.

గందరగోళమంతా ఇలాంటిదే అని కూడా అనను. ఏం వస్తుందో ఊహ రాయగలిగి, అది తప్పితే, నేను చెప్పిన దశలో ఉన్నట్టు. అసలు ఊహే రాయలేకపోతే అది వేరు. అప్పుడు ఆ ప్రోగ్రాం మీద గంటలు కూర్చున్నా లాభం లేదు, ముందు పాఠంలో ఏదో మిగిలిపోయింది. ఊహించగలిగేంత వరకూ ప్రోగ్రాం చిన్నది చేసుకుంటూ వెళ్లు. మూడు లైన్లకి కుదిస్తే సాధారణంగా దొరికిపోతుంది.

ఈ రాత్రికి ఇది చెయ్యి:

```python
a = [1, 2]
b = a
b += [3]
print(a)
```

తర్వాత మూడో లైను `b = b + [3]` అని మార్చి మళ్లీ చెయ్యి. రెండిట్లో `a` ఒకేలా రాదు. రన్ చేయకముందే రెండు జవాబులూ రాసిపెట్టుకుని, ఊహ ఎక్కడ తప్పిందో, అప్పుడు b ఏ లిస్టుని చూపిస్తోందనుకున్నావో నాకు రాయి.