ఇడ్లీ ముక్కతో పాలు తోడుకోలేదు

ప్రశ్న: యాంటీబయాటిక్స్ వాడేటప్పుడు డాక్టరు ప్రోబయోటిక్ మాత్రలు కూడా రాస్తున్నారు. ఇంట్లో పెరుగు, ఇడ్లీ, చద్దన్నం తింటే సరిపోదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. మా మామగారి తండ్రిగారు సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కాబట్టి మా వంటింట్లో ఇడ్లీ పిండి, తరవాణి, ఒడియా వారు పొఖాళ అని పిలిచే చద్దన్నం, కొండ ఊళ్ళ మండియా అనే రాగి అంబలి అన్నీ ఒకే గట్టు మీద పులుస్తూ ఉంటాయి. పులిసిన వాటి గురించి మా అత్తగారికి ఉన్నంత నమ్మకం నాకూ ఒకప్పుడు ఉండేది. మొన్న డిసెంబరులో మా వారికి దవడ పన్ను కింద చీము పట్టేదాకా ఆ నమ్మకాన్ని పరీక్షించవలసిన అవసరం రాలేదు.

పళ్ళ డాక్టరు అమోక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిసిన మాత్ర ఐదు రోజులకు రాశారు, దాంతోపాటు ఒక ప్రోబయోటిక్ క్యాప్సూల్ కూడా రాశారు. మా అత్తగారు చీటీ చూసి, "పెరుగున్న ఇంటికి ఇదెందుకమ్మా, ఇడ్లీయే ప్రోబయోటిక్ అని టీవీలో చెప్తున్నారు కదా" అని ఆ క్యాప్సూళ్ళ అట్టను పక్కన పెట్టించారు. మూడో రోజు ఉదయానికి మా వారు నాలుగుసార్లు నీళ్ళ విరేచనాలకు వెళ్ళి వచ్చి నీరసంగా కూర్చున్నారు. ఆ మూడు రోజులూ ఆయన మూడు పూటలా పెరుగు, రెండు పూటలా ఇడ్లీ తింటూనే ఉన్నారు.

అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే మిగిలినది సులువుగా అర్థమవుతుంది. మనకు అరగని పీచును, పిండిపదార్థాల శేషాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి చిన్న చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాల సాయంతోనే పేగు గోడ ఉప్పును, నీటిని లోపలికి పీల్చుకుంటుంది. చీము కోసం వేసుకున్న మందు ఆ సూక్ష్మజీవులను కూడా చాలావరకు చంపేసినప్పుడు అరగని శేషం అలాగే మిగిలి నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీరే విరేచనంగా బయటకు పోతుంది. పైగా క్లావులనేట్ పేగు కదలికను కూడా పెంచుతుంది. ఇక్కడ పోయినవి పేగులో ఏళ్ళ తరబడి కాపురమున్న వందల రకాల జీవులు. పెరుగులో ఉన్నవి పాలలో బతకడం నేర్చిన కొద్ది రకాలు మాత్రమే, వాటిలో ఎక్కువ భాగం పేగులో కొన్నాళ్ళు ప్రయాణించి వెళ్ళిపోయేవే. ఇల్లు ఖాళీ అయినప్పుడు చుట్టాలు వచ్చి నాలుగు రోజులుంటే అది కాపురం కాదు కదా.

మా అత్తగారితో వాదించలేక, ఆ రాత్రి నేను ఒక పరీక్ష పెట్టాను. పాలు కాచి, చిటికెన వేలు ఓర్చుకునే వేడికి చల్లార్చి, ఐదు స్టీలు గిన్నెల్లో అర గ్లాసు చొప్పున పోశాను. మొదటి దానిలో ఇంటి పెరుగు ఒక చెంచా, రెండో దానిలో అప్పుడే ఆవిరి మీద దించి చల్లార్చిన ఇడ్లీ ముక్క చిదిపి, మూడో దానిలో పులిసిన పచ్చి ఇడ్లీ పిండి ఒక చెంచా, నాలుగో దానిలో డాక్టరు రాసిన క్యాప్సూల్ విప్పి పొడి వేశాను. ఐదో దానిలో ఏమీ వేయలేదు, ఎందుకంటే పాలు వాటంతట అవే విరిగితే ఆ సంగతి కూడా తెలియాలి. డిసెంబరు రాత్రుల్లో మా ఊళ్ళో పెరుగు తోడుకోవడమే గగనం కాబట్టి గిన్నెలన్నిటికీ మూతలు పెట్టి, తుండుగుడ్డ చుట్టి, బియ్యం డబ్బాలో కూరాను.

ఎనిమిది గంటల తరువాత చూస్తే పెరుగు వేసిన గిన్నె గట్టిగా తోడుకుంది. ఇడ్లీ ముక్క వేసిన గిన్నెలో అడుగున ఇడ్లీ రవ్వ, పైన తియ్యటి పాలు ఉన్నాయి. పచ్చి పిండి వేసినది వదులుగా, మధ్యలో బుడగల కన్నాలతో, పైన నీరు తేలి, మినపవాసనతో తోడుకుంది. ఏమీ వేయనివి పాలుగానే ఉన్నాయి. ఇడ్లీ సంగతి అక్కడితో తేలిపోయింది. పిండిని పొంగించేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే సూక్ష్మజీవి అని 1965లోనే పరిశోధకులు గుర్తించారు. అది చక్కెరలను పులియబెట్టి ఆమ్లంతోపాటు కార్బన్ డయాక్సైడును కూడా విడుస్తుంది, ఆ వాయువే ఇడ్లీకి మెత్తదనం ఇస్తుంది. అయితే ఆవిరి మీద పది పన్నెండు నిమిషాలు ఉన్న ఇడ్లీలో అది బతకదు. ఇడ్లీ వల్ల మేలు లేదని నేను అనడం లేదు. పులియడంలో మినప్పప్పులో వాయువు కలిగించే చక్కెరలు తగ్గుతాయి, ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది, అందుకే జబ్బు మనిషికి ఇడ్లీ పెట్టడం మంచి అలవాటే. కానీ అది సూక్ష్మజీవులు ముందే చేసి పెట్టిన పనికి దక్కిన ఫలితం, జీవమున్న సూక్ష్మజీవుల భోజనం కాదు. అట్టుకూ, కాచిన మజ్జిగ పులుసుకూ ఇదే మాట వర్తిస్తుంది. సోడా వేసి అరగంటలో పొంగించిన తక్షణ పిండిలోనైతే పులియడమే లేదు, దాని ప్యాకెట్టు మీద ఆరోగ్యం గురించిన మాటలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక నాలుగో గిన్నె నన్ను తప్పుదారి పట్టించింది. క్యాప్సూల్ పొడి వేసిన పాలు ఏమాత్రం తోడుకోకపోగా కొంచెం రొట్టె వాసన వేశాయి. నేను విజయగర్వంతో ఆ గిన్నె పట్టుకుని మందుల దుకాణానికి వెళ్ళి, చచ్చిన సరుకు అమ్ముతున్నారని గొడవ పెట్టుకున్నాను. కౌంటరు వెనక ఉన్న అబ్బాయి అట్ట వెనక్కి తిప్పి, "అమ్మగారూ, ఇది పెరుగు జాతి కాదండీ, శాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్టు. దానికి పాలలోని చక్కెరను తినే శక్తే లేదు, ఇక తోడెలా పెడుతుందండీ" అన్నాడు. ఈస్టు శిలీంధ్రం కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దానిని చంపదనీ, అందుకే ఆ మందుతోపాటు రాస్తారనీ కూడా అతనే చెప్పాడు. పాలు తోడుకోవడం అనేది పాలచక్కెరను ఆమ్లంగా మార్చే జీవి బతికి ఉందని మాత్రమే చెబుతుంది, అది పేగుకు మేలు చేస్తుందో లేదో చెప్పదు. తోడుకోకపోవడం కూడా ఏ క్యాప్సూల్ నకిలీదో తేల్చదు.

ప్రోబయోటిక్ అనే మాటకు అసలైన షరతులు ఇక్కడే ఉన్నాయి. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు ఆ మాటకు అర్థం నిర్ణయించినప్పుడు, జీవి బతికి ఉండాలనీ, తగినంత మోతాదులో ఉండాలనీ, దాని వల్ల మనిషికి మేలు కలగాలనీ చెప్పారు. మన ఇంటి పెరుగులో మొదటిది ఉంటుంది. రెండోది తోడును బట్టి, చలిని బట్టి, పక్కింటి నుంచి తెచ్చుకున్న రోజును బట్టి మారుతుంది. మూడోది ఏ జీవికి ఆ జీవే విడిగా నిరూపించుకోవాలి. మన ఒడిశా పల్లెల్లోనే జరిగిన ఒక అధ్యయనం దీనికి నాకు తెలిసిన అతి గొప్ప ఉదాహరణ. లాక్టోబాసిలస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాలో ఒక ప్రత్యేక తెగను, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి, నవజాత శిశువులకు ఏడు రోజులు ఇచ్చారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం నాలుగున్నర వేలకు పైగా శిశువులలో, ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి తెచ్చే సెప్సిస్ లేదా మరణం సంభవించినవారు ఉత్త పొడి ఇచ్చిన వర్గంలో 9 శాతం ఉండగా, మందు ఇచ్చిన వర్గంలో 5.4 శాతం మాత్రమే ఉన్నారు. ఆ ఫలితం ఆ తెగది, ఆ మోతాదుది, ఆ వయసుది. దానిని పట్టుకుని పొఖాళలో కూడా ప్లాంటారమ్ దొరుకుతుంది కాబట్టి పొఖాళ తింటే సెప్సిస్ రాదని ఎవరైనా అంటే, పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిపినట్టే.

యాంటీబయాటిక్ విరేచనాల విషయంలోనూ ఇంతే. పిల్లలపై జరిగిన 33 అధ్యయనాలను కలిపి 2019లో చేసిన సమీక్షలో, ప్రోబయోటిక్ ఇచ్చిన వారిలో సుమారు 8 శాతం మందికి, ఇవ్వని వారిలో 19 శాతం మందికి విరేచనాలు వచ్చాయి. అందులో బాగా పనిచేసినవి ఈ బౌలార్డీ ఈస్టు, రామ్నోసస్ అనే లాక్టోబాసిలస్, అదీ రోజుకు 500 కోట్ల జీవులు, అంతకు మించి ఉన్న మోతాదులో. అంటే మా వారికి మొదటి మాత్రతోనే మొదలుపెట్టవలసినదాన్ని మేము అట్టలో దాచిపెట్టి, పని చెడిన తరువాత వెతుక్కున్నాం. నాలుగో రోజు నుంచి వాడితే విరేచనాలు ఆరో రోజుకు తగ్గాయి, కానీ ఐదో రోజుతో యాంటీబయాటిక్ కూడా ముగిసింది కాబట్టి ఆ ఘనతను ఈస్టుకు కట్టబెట్టడం నా వల్ల కాదు. పైగా 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు చూసినదేమిటంటే, యాంటీబయాటిక్ తరువాత పదకొండు రకాల బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్ తీసుకున్నవారి సొంత పేగు జీవులు తిరిగి కుదురుకోవడానికి, ఏమీ తీసుకోనివారికంటే ఎక్కువ కాలం పట్టింది. అందుకే కోర్సు అయ్యాక నెలల తరబడి ఖరీదైన సీసాలు తాగించడం నాకు నచ్చదు.

మరి పెరుగు దేనికి అంటే, మా మామగారిని చూపిస్తాను. గ్లాసు పాలు తాగితే ఆయనకు కడుపు ఉబ్బి గుడగుడలాడుతుంది, అదే పాలు తోడుపెట్టి ఇస్తే హాయిగా తింటారు. తోడుకునేటప్పుడు పాలచక్కెరలో కొంత భాగం ఖర్చవుతుంది, మిగిలినదానిని విడగొట్టే ఎంజైము పెరుగులోని జీవుల ద్వారా చిన్నపేగుకు చేరి అక్కడ పనిచేస్తుంది. జీవమున్న పెరుగుకు బాగా నిరూపణ అయిన మేలు ఇదే, కాచిన పెరుగుకు ఆ గుణం తగ్గిపోతుంది.

మా అత్తగారి అలవాటు ఒకటి నిజంగా ప్రమాదకరం కాబట్టి చెప్పి తీరాలి. ఆవిడ ఏ మాత్రనైనా పెరుగన్నంతోనే మింగిస్తారు. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందును పెరుగులోని కాల్షియం పట్టేసుకుంటుంది, అప్పుడు మందు ఒంటికి పట్టదు, ఇన్‌ఫెక్షన్ తగ్గదు. ఆ మాత్ర మింగిన రెండు గంటల తరువాతే పెరుగు వడ్డించాలని ఇప్పుడు గోడ మీద రాసిపెట్టాను. ప్రోబయోటిక్ క్యాప్సూల్‌లో ఈస్టు కాక బ్యాక్టీరియా ఉంటే దానికీ యాంటీబయాటిక్‌కూ కూడా ఆ రెండు గంటల ఎడం ఉంచుతాం. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, నరంలో గొట్టం పెట్టి ఉన్నవారు డాక్టరు చెప్పకుండా ఈస్టు ముట్టకూడదు, అది రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. విరేచనంలో రక్తం, జ్వరం కనిపిస్తే పెరుగు, క్యాప్సూల్ రెండూ వదిలి ఆసుపత్రికి వెళ్ళాలి.

మా అత్తగారు మాత్రం రెండో గిన్నె సాక్ష్యాన్ని ఇంతవరకూ ఒప్పుకోలేదు. డిసెంబరు చలికి ఇడ్లీ తోడుకోలేదనీ, మే నెలలో మళ్ళీ చేసి చూపించమనీ అంటున్నారు. అదే డబ్బాలో పెరుగు ఎలా తోడుకుందని అడిగితే, "దానికి అలవాటమ్మా" అన్నారు.