మూడు ముక్కలకే బూజు, అయినా ప్యాకెట్ అంతా అనుమానమే

ప్రశ్న: బ్రెడ్ ప్యాకెట్ మధ్యలో మూడు ముక్కల మీద పచ్చటి బూజు కనిపించింది. మిగతావి చూడటానికి శుభ్రంగా ఉన్నాయి, వాసన కూడా రావడం లేదు. ఆ మూడూ తీసేసి మిగిలినవి బాగా కాల్చుకుని తింటే పర్వాలేదా?

జవాబు: వద్దండి. ప్యాకెట్ మొత్తం పారేయండి. కారణం చెబుతాను.

నేను కొంతకాలం ఒక బేకరీలో నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేశాను. తయారైన ప్రతి విడత నుంచి కొన్ని ప్యాకెట్లు పక్కన పెట్టి, వాటికి బూజు ఎప్పుడు, ఎక్కడ మొదలవుతుందో చూస్తూ ఉండటం మా పనిలో భాగం. అక్కడ ముందుగా నేర్చుకున్నది ఏమిటంటే, మీకు కనిపించిన పచ్చరంగు బూజుకు ఆరంభం కాదు. గాలిలో తేలే సూక్ష్మమైన బీజాంశం ముక్క మీద పడి, తేమ తగిలి మొలకెత్తుతుంది. దాని నుంచి సన్నటి తెల్లటి పోగులు బయలుదేరి బ్రెడ్‌లోకి పాకుతాయి. అవి బాగా ఎదిగాక కొత్త బీజాంశాలు పుడతాయి. ఆ బీజాంశాల రంగే పచ్చగానో నల్లగానో మన కంటపడుతుంది. అంటే పచ్చమచ్చ కనిపించేసరికి లోపల చాలా పని జరిగిపోయి ఉంటుంది. తెల్లటి బ్రెడ్ మీద తెల్లటి పోగులు కనిపించవు కనుక పక్క ముక్క శుభ్రంగా ఉందనుకుంటాం.

ఇలాంటి ప్యాకెట్ విప్పినప్పుడు మేము ముక్కలను వరుస తప్పకుండా బల్ల మీద పరిచేవాళ్లం. మచ్చ ఉన్న ముక్కకు ఆనుకున్న ముక్కను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూస్తే, సరిగ్గా మచ్చకు ఎదురుగా ఉన్న చోట పలచటి తెల్లని నూగు కనిపించేది. మామూలు వెలుగులో అది పిండి అంటుకున్నట్టే ఉంటుంది. ఒక్కోసారి ఆ నూగు కూడా ఉండేది కాదు. అలాంటి ‘మంచి’ ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేరుగా ఉంచితే, తర్వాతి రోజుల్లో వాటి మీదా మచ్చలు లేచేవి. ఆనుకున్నవే కాదు, దూరంగా ఉన్నవి కూడా.

దూరంగా ఉన్నవాటికి ఎలా వచ్చిందంటే, పొయ్యిలోని వేడికి బూజు బీజాంశాలు చనిపోతాయి. అవి మళ్లీ చేరేది బ్రెడ్ చల్లారేటప్పుడు, కోసేటప్పుడు, కవరులో పెట్టేటప్పుడు. ఒక బ్రెడ్‌లోని ముక్కలన్నీ అదే గాలిలో చల్లారి, అవే బ్లేడ్ల కింద తెగినవి. కాబట్టి మీ మూడు ముక్కలు బహుశా ముందు బయటపడ్డాయి, అంతే. దానికి తోడు, ప్యాకెట్‌ను కదిపిన ప్రతిసారీ, ముక్క లాగిన ప్రతిసారీ పచ్చమచ్చ నుంచి బీజాంశాలు రాలి మిగతా ముక్కల మీద పడతాయి.

మచ్చ ఉన్న మేర కోసి తీసేయవచ్చు కదా అని అడుగుతారు. గట్టి చీజ్‌కు ఆ పద్ధతి పనికొస్తుంది. మచ్చ చుట్టూ, కిందా కనీసం 2.5 సెంటీమీటర్ల మేర తీసేసి, కత్తి మచ్చకు తగలకుండా చూసుకుంటే మిగతాది తినవచ్చు. అందులో పోగులు లోతుగా దిగలేవు. బ్రెడ్ అలా కాదు. అదంతా స్పాంజిలా గాలి గదులే కాబట్టి పోగు ఎంతవరకు వెళ్లిందో పైనుంచి తేల్చలేం.

కాల్చడం గురించి: వేడికి బూజు చచ్చినా, కొన్ని రకాల బూజులు వదిలే విషపదార్థాలు టోస్టర్ వేడికి పూర్తిగా విరగవు. పైగా ముక్క పైపొర మాడినా మధ్యభాగం మెత్తగానే ఉంటుంది. అన్ని బూజులూ విషం తయారుచేయవు, నిజమే. కానీ ఏది చేస్తుందో రంగు చూసి చెప్పడం మాకే సాధ్యపడేది కాదు, ప్రయోగశాల పరీక్ష కావాల్సి వచ్చేది. వాసన లేకపోవడం కూడా ఏ రుజువూ కాదు. అసలు వాసన చూడకండి, బీజాంశాలు ముక్కులోకి వెళ్తాయి. ఉబ్బసం, అలెర్జీ ఉన్నవారికి అది మరీ ఇబ్బంది.

ఇప్పటికే ఒకటి రెండు ముక్కలు తినేసి ఉంటే కంగారు పడకండి. ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. వాంతులు, ఊపిరాడకపోవడం వంటివి కనిపించినా, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు తిన్నా డాక్టరును అడగండి.

ప్యాకెట్‌ను విదిలించకుండా అలాగే మూతికట్టి చెత్తలో వేయండి. బ్రెడ్ పెట్టే డబ్బాను సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, మూలల్లో చిక్కుకున్న పాత పొడి కూడా పోవాలి. ఇకపై మీకు బ్రెడ్ త్వరగా అయిపోకపోతే, కొన్న రోజే సగం ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ బూజు పెరగదు, గడ్డకట్టిన ముక్కను నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు. ఫ్రిజ్ కింది అరలో పెడితే బూజు ఆలస్యమవుతుంది గాని బ్రెడ్ తొందరగా గట్టిపడుతుంది. నాకైతే ఆ రుచి నచ్చదు.