జీబ్రా క్రాసింగ్ అంచున ఎవరైనా నిలబడి ఉంటే కారు ఆపాలా? (యూకే డ్రైవింగ్)

ప్రశ్న: లీడ్స్‌కి వచ్చి ఎనిమిది నెలలైంది. ఇండియా లైసెన్సు మీద నడుపుతున్నాను, వచ్చే నెల ఇక్కడి ప్రాక్టికల్ టెస్టు ఉంది. జీబ్రా దగ్గర మనిషి ఇంకా రోడ్డు మీద కాలు పెట్టకుండా పేవ్‌మెంట్ మీదే నిలబడి ఉంటే చట్టప్రకారం ఆగాల్సిందేనా? ఒక ఫ్రెండ్ ఆగక్కర్లేదంటాడు, ఇంకొకడు ఆగకపోతే ఫెయిలే అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు:

ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ చదివేటప్పుడు రెండు మాటలను విడివిడిగా చూడాలి. పెద్దక్షరాల్లో మస్ట్ అని ఉన్నచోట దాని వెనక చట్టం ఉన్నట్టు, తప్పితే నేరం. షుడ్ అని ఉన్నచోట అది తప్పినంతమాత్రాన నేరం కాదు, కానీ కేసు కోర్టుకి వెళ్తే మీరు కోడ్ పాటించలేదన్న సంగతిని మీ మీద వాడుకోవచ్చు. జీబ్రా గురించి చెప్పే 195వ నియమంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అంచున వేచి ఉన్న మనిషికి దారి ఇవ్వడం షుడ్. ఆ మనిషి చారల మీదకి వచ్చేశాక దారి ఇవ్వడం మస్ట్. అంచున నిలబడ్డవాళ్ళ గురించిన మాట 2022 జనవరి 29న కోడ్ మారినప్పుడు చేరింది. అంతకు ముందు నేర్చుకున్నవాళ్ళు "కాలు పెడితేనే ఆగాలి" అని చెప్పడానికి కారణం ఇదే. మీ మొదటి ఫ్రెండ్ బహుశా పాత కోడ్ చదివినవాళ్ళ దగ్గర విని ఉంటాడు.

అయితే ఈ తేడాని నమ్ముకుని బండి నడపలేరు. చట్టం చూసేది ఒక్కటే: మీ బండిలో ఏ భాగమూ క్రాసింగ్ హద్దులోకి రాకముందే ఆ మనిషి హద్దులోకి వచ్చాడా లేదా. వస్తే దారి అతనిది. కాలు ఎప్పుడు పెట్టాలో అతని ఇష్టం, మీ చేతిలో లేదు. మీరు పది మీటర్ల దూరంలో ఉన్నప్పుడు అతను అడుగు వేస్తే షుడ్ కాస్తా మస్ట్ అయిపోతుంది, అప్పటికి ఆగడానికి చోటు మిగలదు.

ఎందుకు మిగలదో లెక్క వేసి చూద్దాం. గంటకు 30 మైళ్ళ వేగంలో పొడి రోడ్డు మీద ఆగడానికి 23 మీటర్లు పడుతుందని కోడ్ చెప్తుంది. అందులో 9 మీటర్లు మీ కాలు బ్రేకు మీదకి చేరేలోపే గడిచిపోతాయి, మిగతా 14 బ్రేకు పట్టాక. జీబ్రాకి ముందు రోడ్డు మీద వంకర టింకర తెల్ల గీతలు ఉంటాయి కదా, జిగ్‌జాగ్ అంటారు. అవి మామూలుగా ఎనిమిది ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు రెండు మీటర్లు. అంటే మొత్తం కలిపినా 18 మీటర్లకి మించదు. 30 మైళ్ళ వేగంతో జిగ్‌జాగ్‌లోకి దిగాక మనిషిని చూసి బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద కూడా చారలు దాటేస్తారు. వానలో ఈ దూరం రెట్టింపు అవుతుంది. అదే 20 మైళ్ళ వేగంలో అయితే మొత్తం 12 మీటర్లు చాలు, జిగ్‌జాగ్ మొదట్లో బ్రేకు వేసినా పొడి రోడ్డు మీద హాయిగా ఆగుతుంది. అందుకే అంచున ఎవరైనా కనిపించినా, అంచు సరిగ్గా కనపడకపోయినా, జిగ్‌జాగ్ మొదలయ్యేలోపు 20కి దిగాలి, తడిగా ఉంటే ఇంకా తక్కువకి. ఈ ఒక్కటి వంటపడితే "ఆగాలా వద్దా" అనే గుంజాటన సగం తగ్గిపోతుంది, ఎందుకంటే తేల్చుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

ఒక సందర్భం తీసుకుందాం. సాయంత్రం, సన్నగా వాన, 30 మైళ్ళ రోడ్డు. దూరంగా నలుపు తెలుపు పట్టీల స్తంభం మీద పసుపు గుండు వెలిగి ఆరుతోంది. (దాన్ని బెలీషా బీకన్ అంటారు, 1934లో రవాణా మంత్రిగా ఉన్న లెస్లీ హోర్-బెలీషా పేరు మీద వచ్చింది. చారలు 1951లో వచ్చాయి, అంటే దీపం కన్నా చారలే చిన్నవి.) గుండు కనపడగానే కళ్ళు చారల మీదకి కాదు, రెండు పక్కల పేవ్‌మెంట్ల మీదకి పోవాలి. ఎడమ పక్క ఒకావిడ పిల్లల బండి తోసుకుంటూ అంచు వైపు వస్తోంది. మీకూ జీబ్రాకీ మధ్య ఇంకా 70 మీటర్లు ఉందనుకోండి, అంటే అయిదు సెకన్లు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి లోపలి అద్దం చూడండి. వెనక కారు దగ్గరగా ఉంటే బ్రేకుని ముందే మెత్తగా తాకండి, ఎర్ర దీపాలు వెలిగి వాళ్ళకి సంగతి తెలుస్తుంది. చివరి క్షణంలో గట్టిగా బ్రేకు వేస్తే వెనక నుంచి గుద్దించుకునే ప్రమాదం ఉంటుంది. సెకండ్ గేరులోకి వచ్చి, చారలకి ముందు అడ్డంగా ఉండే తెగిన గీత దగ్గర ఆగండి. చారల మీద కాదు, చారలకి ఆనుకుని కూడా కాదు.

ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. చెయ్యి ఊపి "రండి రండి" అంటారు, లేదా హెడ్‌లైట్ కొడతారు. రెండూ చేయొద్దని కోడ్ స్పష్టంగా చెప్తుంది. కారణం మర్యాద కాదు. ఎదురుగా వచ్చే కారు ఆగుతుందో లేదో మీకు తెలీదు, మీరు పిలిస్తే ఆవిడ మీ మాట మీద నమ్మకంతో అటు చూడకుండా నడిచేస్తుంది. పైగా హెడ్‌లైట్ భాష రెండు చోట్లా తలకిందులు: హైదరాబాద్‌లో లైటు కొడితే "నేను వస్తున్నా, ఆగు" అని అర్థం, ఇక్కడ చాలామంది దాన్ని "నువ్వు వెళ్ళు" అని తీసుకుంటారు. మీరు చేయాల్సిందల్లా ఆగి, కదలకుండా ఉండటం. ఆగిన కారే చాలినంత సైగ.

ఆవిడ నడవడం మొదలుపెట్టాక, మీ బానెట్ ముందు నుంచి దాటిపోయిందని వెంటనే కదలకండి. మధ్యలో ద్వీపం లేని జీబ్రా మొత్తం ఒకటే క్రాసింగ్, ఆవిడ చారల మీద ఉన్నంతసేపూ దారి ఆవిడదే. అవతలి పేవ్‌మెంట్ మీద ఇంకెవరైనా బయలుదేరారేమో కూడా చూసుకోవాలి. మధ్యలో ద్వీపం ఉంటే అది రెండు వేర్వేరు క్రాసింగ్‌లు. అటు సగంలో ఉన్న మనిషికి మీరు ఆగనక్కర్లేదు, ద్వీపం మీదకి వచ్చి మీ వైపు తిరిగితే మాత్రం అది మీ అంచున వేచి ఉన్నట్టే.

ఆవిడ ఆగి అలాగే నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటే? రెండు మూడు సెకన్లు ఇవ్వండి. తల అడ్డంగా ఊపినా, వెనక్కి జరిగినా, కాళ్ళు రోడ్డు వైపు కాకుండా పేవ్‌మెంట్ పొడవునా తిరిగి ఉన్నా, నెమ్మదిగా, బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచుకుని కదలండి. బస్‌స్టాప్ పక్కన ఉండే జీబ్రాల దగ్గర ఇది రోజూ ఎదురవుతుంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వచ్చే దిక్కుకే చూస్తారు. దాటేవాళ్ళు ఇటూ అటూ రెండు వైపులా చూస్తారు. టెస్టులో ఎవరూ దాటే ఉద్దేశం లేని చోట ఊరికే ఆగి కూర్చుంటే ఎగ్జామినర్ తటపటాయింపు కింద రాసుకోవచ్చు. కానీ అనుమానం ఉన్నప్పుడు నెమ్మదించడం మీద ఎవరూ మార్కు కొట్టరు. నిజంగా వేచి ఉన్న మనిషిని దాటేసి వెళ్తే, అతను కాలు పెట్టకపోయినా, సీరియస్ ఫాల్ట్ పడే అవకాశం గట్టిగా ఉంది. అలాంటిది ఒక్కటి పడితే టెస్టు పోయినట్టే, చిన్న తప్పులు పదిహేను దాకా క్షమిస్తారు గానీ దీన్ని కాదు. మీ రెండో ఫ్రెండ్ మాట ఆ లెక్కన సరైనదే.

దీనికన్నా ప్రమాదమైన తప్పు ఇంకొకటుంది, మీరు అడగకపోయినా చెప్తాను. మీ ముందో, పక్క లేన్‌లోనో ఒక కారు జీబ్రా దగ్గర ఆగి ఉంది. ఎందుకు ఆగిందో మీకు కనపడదు, వ్యాను అయితే అసలే కనపడదు. జిగ్‌జాగ్ గీతల మధ్య, క్రాసింగ్‌కి అందరికన్నా దగ్గరగా ఉన్న బండిని దాటి ముందుకి పోవడం నేరం, అది కదులుతున్నా సరే, మనుషుల కోసం ఆగి ఉన్నా సరే. ఒకే దిక్కుకి రెండు లేన్‌లు ఉన్న రోడ్డు మీద కుడి లేన్ ఖాళీగా ఉందని మీరు సాగిపోతే, ఎడమ లేన్ కారు వెనక నుంచి బయటికి వచ్చే మనిషి సరిగ్గా మీ బానెట్ ముందుకి వస్తాడు. స్కూటర్ మీద డెలివరీలు చేసేవాళ్ళు ట్రాఫిక్ సందుల్లోంచి దూరి వెళ్ళేటప్పుడు ఇది అచ్చంగా ఇలాగే జరుగుతుంది. మనవైపు "ముందువాడు ఆగాడు, సందు దొరికింది" అనే అలవాటు ఉంటుంది, దాన్ని ఇక్కడ ప్రత్యేకంగా మానుకోవాలి.

క్రాసింగ్ మీద దారి ఇవ్వకుండా వెళ్తే లైసెన్సు మీద పీసీ 20 అనే కోడ్‌తో మూడు పాయింట్లు పడతాయి, అక్కడికక్కడే తేల్చేస్తే 100 పౌండ్ల జరిమానా. కోర్టుకి వెళ్తే 1000 పౌండ్ల దాకా. కొత్తగా పాసైనవాళ్ళకి మొదటి రెండేళ్ళలో ఆరు పాయింట్లు చేరితే లైసెన్సే రద్దవుతుంది, మళ్ళీ థియరీ నుంచి మొదలు. అంటే ఇలాంటివి రెండు చాలు.

సిగ్నల్ ఉన్న క్రాసింగ్‌ల సంగతి వేరు, అక్కడ దీపం చెప్పినట్టు చేయాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: పెలికన్ క్రాసింగ్‌లో పసుపు దీపం ఆరి వెలుగుతుంటే క్రాసింగ్ మీద ఎవరూ లేకపోతేనే కదలాలి. ఇక జీబ్రా లేని మామూలు సందు మలుపులోకి తిరిగేటప్పుడు, ఆ సందు దాటడానికి వేచి ఉన్నవాళ్ళకి కూడా దారి ఇవ్వాలని 2022లోనే కొత్తగా చేరిన హెచ్2 నియమం చెప్తుంది. ఇది షుడ్ కిందే వస్తుంది, కానీ ఎడమకి తిరిగే ముందు ఎడమ పేవ్‌మెంట్ చూశారా లేదా అన్నది ఎగ్జామినర్ గమనిస్తాడు.

టెస్టు సెంటర్ చుట్టూ ఉన్న జీబ్రాలు ఎన్నో, ఏవి బస్‌స్టాప్ పక్కన ఉన్నాయో, వేటికి మధ్యలో ద్వీపం ఉందో ఈ వారం నడిచి చూసి రండి. నడిచేటప్పుడు అంచున నిలబడి వచ్చే కార్లని గమనిస్తే, ఏ కారు ఆగుతుందో అది జిగ్‌జాగ్‌కి చేరకముందే మీకు తెలిసిపోతుంది.