చిన్న ఊళ్లలో కొనేవాళ్లకు యాడ్ చేరాలంటే ఏం తెలిసుండాలి?

ప్రశ్న: సార్, మాది నరసరావుపేట. బీకాం ఫైనలియర్, డిజిటల్ మార్కెటింగ్ కోర్సు కూడా చేశాను. ఒక ఇంటర్వ్యూలో "చిన్న ఊళ్లలో రైతులకు స్ప్రేయర్లు అమ్మాలి, యాడ్స్ ఎలా నడుపుతావు?" అని అడిగారు. ఆంధ్రప్రదేశ్, తెలుగు భాష సెలెక్ట్ చేస్తానని చెప్పాను. ఉద్యోగం రాలేదు. ఇంకేం చెప్పాల్సింది? ఏం నేర్చుకోవాలి?

జవాబు: మీ సమాధానంలో పెద్ద చిక్కు భాష దగ్గరే ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటనలు నడిపే మెటా యాడ్స్‌లో భాష ఎంచుకునే చోట 'తెలుగు' అని పెడితే, యాప్‌ను తెలుగులో వాడుకునేవాళ్ల వైపే ప్రకటన వెళ్తుంది. మన రైతుల్లో చాలామంది మాట్లాడేది తెలుగే అయినా ఫోన్ మాత్రం ఇంగ్లిష్ సెట్టింగ్‌లో ఉంటుంది. కొన్నప్పుడు షాపులో అలా పెట్టి ఇచ్చారు, తర్వాత ఎవరూ మార్చలేదు. మీకు కావలసిన మనిషే ఆ ఒక్క క్లిక్‌తో తప్పిపోతాడు. అందుకే ఆ గడి ఖాళీగా వదిలేయండి. తెలుగు ఉండాల్సింది ప్రకటన లోపల. గూగుల్ సెర్చ్‌లో అయితే ఇంగ్లిష్, తెలుగు కీవర్డ్స్ రెండూ పెట్టి, జనం టైప్ చేసేలాగే mandu kotte pump, charging pump rate లాంటి కీవర్డ్స్ కూడా చేర్చాలి.

ఇక ప్రాంతం. మీ ఊళ్లో ఒక స్ప్రేయర్ల షాపు ఉందనుకోండి. రాష్ట్రమంతా చూపిస్తే శ్రీకాకుళంలో చూసినవాళ్లకు కూడా డబ్బు ఖర్చవుతుంది. అంత దూరం నుంచి ఎవరూ రారు, రిపేరుకు అసలే రారు. ముందు షాపు యజమాని దగ్గర కూర్చుని పాత బిల్లు బుక్కులు తిరగేయండి. కొన్నవాళ్లు ఏయే ఊళ్ల నుంచి వచ్చారో రాసుకుంటే సరిహద్దు ఎక్కడ గీయాలో తెలుస్తుంది. ఎక్కువమంది పాతిక కిలోమీటర్ల లోపే ఉంటే, షాపు మీద పిన్ పెట్టి అంతే దూరం వృత్తం గీయండి. గూగుల్‌లో లొకేషన్ ఆప్షన్స్ తెరిచి, ఆ ప్రాంతంలో ఉండేవాళ్లకే చూపించే Presence ఎంచుకోండి. లేకపోతే ఆ ఊరి గురించి వెతికిన హైదరాబాద్‌వాళ్లకూ కనిపిస్తుంది.

ప్రకటన బొమ్మలో మోడల్ నంబరు కంటే ముందు '16 లీటర్ల ఛార్జింగ్ పంపు' అని, దాని ధర, షాపు ఏ సెంటర్లో ఉందో కనిపించాలి. పాత ఫొటోషాప్ వెర్షన్లలో టైప్ సెట్టింగ్ World-Ready Layout లో లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. అది చూసిన రైతుకు షాపు మీదే నమ్మకం పోతుంది. బొమ్మ తయారయ్యాక మామూలు ఫోన్‌లో, ఎండలో నిలబడి చదివి చూడండి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటే వరుసల మధ్య ఖాళీ పెంచండి.

స్లో డేటా సంగతి చాలామంది అభ్యర్థులకు తట్టదు. సాయంత్రం పల్లెలో సిగ్నల్ సెకనుకు 1 మెగాబిట్‌కు పడిపోయిందనుకోండి. యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీ 4 ఎంబీ ఉంటే 32 మెగాబిట్లు, అంటే తెరుచుకోవడానికి కనీసం 32 సెకన్లు. అంతసేపు ఎవరూ ఆగరు. అదే పేజీని 300 కేబీకి తగ్గిస్తే రెండున్నర సెకన్లు చాలు. ఫొటోలు కుదించండి, తానే ప్లే అయ్యే వీడియో తీసేయండి, తెలుగు ఫాంట్ విడిగా లోడ్ చేయకుండా ఫోన్‌లో ఉన్నదే వాడండి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో Network కింద 3G పెట్టి చూస్తే ఆ నత్తనడక మీ కళ్లకే కడుతుంది.

జబ్బు ఇక్కడే ఉందని రిపోర్టులో పట్టుకోవచ్చు. పేజీకి ఎవరొచ్చారో లెక్కపెట్టే కోడ్ మెటా పిక్సెల్ సరిగ్గా పెట్టి ఉన్నప్పుడు, Link clicks 300 ఉండి Landing page views 110 మాత్రమే ఉంటే, నొక్కినవాళ్లలో చాలామంది పేజీ కనబడకముందే వెళ్లిపోయారని అనుమానించాలి. అలాంటప్పుడు కొత్తవాళ్లు బడ్జెట్ పెంచేస్తారు. అది శుద్ధ దండగ, ముందు పేజీ బరువు తగ్గించాలి. ఒక్కోసారి పేజీయే అక్కర్లేదు. నొక్కగానే కాల్‌కో వాట్సాప్‌కో వెళ్లేలా పెట్టండి. వాట్సాప్‌లో రైతులు టైప్ చేయరు, వాయిస్ మెసేజ్ పంపుతారు. విని జవాబు చెప్పే మనిషి షాపులో ఉన్నాడో లేడో యాడ్ మొదలుపెట్టకముందే తేల్చుకోండి. పొద్దున్నే పొలానికి వెళ్తూ చేసే కాల్ ఎత్తేవాళ్లు లేకపోతే, ఆ వేళ యాడ్ ఆపేయడమే నయం.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. మరో సర్టిఫికెట్ కోసం ఫీజు కట్టకండి. మిరప రైతులు మందు కొట్టే సీజన్ చూసుకుని, తెలిసిన షాపు ఒకదానితో మాట్లాడి రోజుకు 200 రూపాయల చొప్పున పది రోజులు నడపండి. మొత్తం 2,000. అయిదు రోజులు పేజీకి పంపండి, అయిదు రోజులు నేరుగా వాట్సాప్‌కు. బొమ్మ, ప్రాంతం రెండిట్లోనూ ఒకటే ఉండాలి. ఇంత తక్కువ డబ్బుతో ఏది మేలో గట్టిగా తేలదు, ఆ మాట ఇంటర్వ్యూలో మీరే ముందుగా చెప్పండి. రోజూ షాపు మూసే వేళకు వెళ్లి ఒక షీట్‌లో రాసుకోండి: ఎవరు అడిగారో పేరు వద్దు, ఏ ఊరు, ఏం అడిగారు, షాపుకు వచ్చారా, కొన్నారా. వచ్చే ఇంటర్వ్యూకు ఆ షీట్, రెండు బొమ్మలు, పేజీ తగ్గించకముందు, తగ్గించాక ఎన్ని కేబీలు ఉందో చూపే స్క్రీన్‌షాట్లు పట్టుకెళ్లండి.